తమ్ముడి తొలి పుస్తకం: ఆవిష్కరణ ఏర్పాట్లు

తమ్ముడూ,

హాలు ఖాయమైంది. ఎర్రముక్కపల్లిలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, వచ్చే నెల రెండో ఆదివారం, పొద్దున 10 గంటలకు. బ్రౌన్ దొర బంగళా ఉన్న జాగా అది. మీ మామ చెప్పిన ఫంక్షన్ హాలు వద్దు. 400 కుర్చీల్లో 70 మంది కూర్చుంటే ఎవరూ రానట్టే కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు, మైదుకూరు వాళ్లు బస్సు దిగి రావాలి కాబట్టి 9:30కి ఉగ్గాని, బజ్జీ, టీ. 10:15కి మాత్రం ఎవరొచ్చినా రాకున్నా మొదలుపెడదాం. ఆవిష్కరణ మీ హైస్కూలు తెలుగు సారు చేతుల మీదుగా. తొలి ప్రతి అమ్మకే ఇవ్వు. ఎమ్మెల్యేను పిలవమని ఒకరిద్దరు పోరు పెడుతున్నారు. ఆయన వచ్చేదాకా ఎండలో కాచుకోవాలి, వచ్చాక పుస్తకం పక్కకు పోతుంది. నాకిష్టం లేదు.

ఆ వెంటనే కథ చదవడం. ఉపన్యాసాలన్నీ అయ్యాక పెడితే అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారు. బోరుబావి కథ చదువు. మొత్తం వద్దు, అవ్వ పొలం గట్టు మీద తగాదా పెట్టుకునే చోటు నుంచి మూడు పేజీలు, పది నిమిషాలు. మన యాసలోనే చదువు, రేడియో గొంతు పెట్టొద్దు. ఇంట్లో గట్టిగా చదివి టైము చూసుకో. తగాదా తేలకముందే ఆపెయ్, మిగతాది కొనుక్కుని చదువుతారు.

వక్తలు ఇద్దరే. డిగ్రీ కాలేజీ మేడమ్ పుస్తక పరిచయం చేస్తారు, అనంతపురం నుంచి వచ్చే కథకుడు రాయలసీమ కథల్లో నీ కథలు ఎక్కడ నిలుస్తాయో చెబుతాడు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు. పుస్తకాలు ఈ వారమే పంపు, లేకుంటే అట్ట చూసి మాట్లాడతారు. శాలువాలు ముగ్గురికే. తర్వాత నీ మాట అయిదు నిమిషాలు, వందన సమర్పణ నేను చూసుకుంటా.

వేసిన 500లో 120 కాపీలు తీసుకురా. వెల 150, ఆ రోజు 120కే. బల్ల గుమ్మం దగ్గర ఉండాలి. స్కానర్ బోర్డుతో పాటు పది రూపాయల నోట్ల కట్ట ఒకటి, లెక్క రాసే నోట్ బుక్కు ఒకటి. బల్ల దగ్గర చెల్లెలు కూర్చోనీ, నువ్వు కూర్చుంటే మొహమాటానికి అందరికీ ఊరికే ఇచ్చేస్తావు. ఫ్రీ కాపీలు వక్తలకు, పత్రికల వాళ్లకు, గ్రంథాలయానికి మాత్రమే.

కార్డులు 50 చాలు, పెద్దవాళ్లకు ఇంటికి పోయి ఇద్దాం. మిగతావాళ్లకు వాట్సాప్‌లో నా పేరు మీద ఇది పంపుతా:

“మా తమ్ముడి తొలి కథల పుస్తకం ఆదివారం పొద్దున 10 గంటలకు కడప ఎర్రముక్కపల్లి సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో ఆవిష్కరిస్తున్నాం. తానే ఒక కథ చదువుతాడు. టిఫిన్ 9:30కి. ఇంటిల్లిపాదీ రండి. పుస్తకం 120 రూపాయలు.”

ముందురోజు ఫోన్లు చెయ్యాల్సిన వాళ్ల జాబితా రేపు రాత్రికి పంపు.

అన్న