వెన్నుపాము నాడీ మార్గాలు: ఎనాటమీ పరీక్షకు రెండు వారాల పునశ్చరణ ప్రణాళిక

కాకతీయ మెడికల్ కాలేజీ, వరంగల్. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం. నవంబరు 3 సోమవారం నుంచి 16 ఆదివారం వరకు, పరీక్ష 17న.

రోజూ సాయంత్రం 6.30 నుంచి 8.30 వరకు, హాస్టల్ మెస్‌కు వెళ్ళే ముందు, ఈ పాఠమే చదవాలి. చివరి 20 నిమిషాల్లో పుస్తకం మూసి, ఆనాటి మార్గాన్ని తెల్లకాగితం మీద గీసి, మొదటి న్యూరాన్ ఎక్కడుందో, మార్గం ఏ మట్టంలో ఎదుటి పక్కకు దాటుతుందో, ఎక్కడ ముగుస్తుందో రాయాలి. దాటే చోటు గుర్తుకు రాకపోతే ఆ రోజు పని పూర్తి కానట్టే.

నవంబరు 3: వెన్నుపాము అడ్డకోతలు. ఒక్క రోజు చాలు.

4, 5, 6: డార్సల్ కాలమ్, స్పైనోథాలమిక్ మార్గాలను విడివిడిగా కాక పక్కపక్కనే గీయాలి. రెండింటికీ మొదటి న్యూరాన్ డార్సల్ రూట్ గాంగ్లియాన్‌లోనే ఉంటుంది. రెండూ థాలమస్‌లోని వీపీఎల్ కేంద్రకానికే చేరతాయి. అయితే సూక్ష్మ స్పర్శ, కంపనం, కీళ్ళ స్థితి తెలిపే డార్సల్ కాలమ్ అదే పక్కన పైకి వెళ్ళి మెడుల్లాలో దాటుతుంది. నొప్పిని, ఉష్ణోగ్రతను తెలిపే స్పైనోథాలమిక్ మాత్రం వెన్నుపాములోనే, ప్రవేశించిన చోటికి ఒకటి రెండు సెగ్మెంట్ల లోపు దాటుతుంది. గ్రాసిలిస్ కాళ్ళది, లోపలి వైపు ఉంటుంది. క్యూనియేటస్ చేతులది, బయటి వైపు ఉంటుంది. వైవాలో ఇది తారుమారు కాకూడదు.

7: స్పైనోసెరిబెల్లార్. డార్సల్ మార్గం దాటదు. వెంట్రల్ మార్గం రెండుసార్లు దాటుతుంది.

8: కార్టికోస్పైనల్. ఇంటర్నల్ క్యాప్సూల్ వెనుక భాగం నుంచి మెడుల్లా పిరమిడ్ వరకు ఒక్కో మట్టాన్నీ గీయాలి. దాటే పోగుల శాతం పుస్తకాల్లో 75 నుంచి 90 వరకు రకరకాలుగా ఉంటుంది కనుక, తరగతిలో చెప్పిన అంకెనే రాయడం క్షేమం.

9, ఆదివారం: ఉదయం ఇప్పటివరకు చదివినవన్నీ గీయాలి, సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడకకు సెలవు.

10: రూబ్రోస్పైనల్, టెక్టోస్పైనల్, వెస్టిబ్యులోస్పైనల్, రెటిక్యులోస్పైనల్. ఇవి చిన్న ప్రశ్నలకే వస్తాయి కాబట్టి మొదటి రెండూ మిడ్‌బ్రెయిన్‌లో దాటుతాయని, లాటరల్ వెస్టిబ్యులోస్పైనల్ దాటకుండా ఎక్స్‌టెన్సర్ కండరాలను ప్రేరేపిస్తుందని తెలిస్తే సరిపోతుంది.

11 నుంచి 14: రోజుకొక గాయం చొప్పున బ్రౌన్-సెకార్డ్, సిరింగోమైలియా, టేబీస్ డార్సాలిస్, యాంటీరియర్ స్పైనల్ ఆర్టరీ అవరోధం. ఉదాహరణకు ఎడమ పక్క T10 దగ్గర సగం తెగితే, ఎడమ కాలు బలం, కంపనజ్ఞానం పోతాయి. కుడి కాలికి నొప్పి, వేడి తెలియవు. ఎందుకన్నది బట్టీ పట్టకుండా, 4 నుంచి 8 వరకు గీసిన బొమ్మల్లోంచే రాబట్టాలి.

15: మూడు గంటల మాదిరి పరీక్ష, చేతిరాతతో.

16: 15న తప్పుగా గీసినవి మాత్రమే మళ్ళీ గీయాలి, కొత్తది ఏదీ తెరవకూడదు. హాల్ టికెట్టు, ఎరుపు, నీలం పెన్సిళ్ళు సంచిలో పెట్టి పది గంటలకు పడుకోవాలి.