పాడి పశువుల చికిత్స విధానం: తెలుగు పాఠం

ఈ పాఠం తాడిపత్రి, గుత్తి చుట్టుపక్కల ఊళ్ళలో డాక్టరు గారి ఆదేశం మీద పశువులకు మందు వేసే సహాయకుల కోసం. మూలం ఇంగ్లీషులో ఉంది. డోసు అంకె ఒక్కటీ మార్చలేదు, గుండ్రం చేయలేదు. మందు ఎంచుకోవడం డాక్టరు గారి పని. లెక్క తప్పకుండా వేయడం మన పని.

ముందుగా కొలతల మాట

మొదట రాసిన ప్రతిలో అన్నిచోట్లా "మి.గ్రా.", "మి.లీ." అనే పెట్టాను. చేత్తో ఎత్తి రాసుకున్న ఒక సహాయకుడి నోటుబుక్కు చూశాక గుండె గుభేలుమంది. రెండూ "మి" తోనే మొదలవుతాయి కదా, రెండు చోట్ల ఒకదాని బదులు ఇంకొకటి పడింది. అందుకే ఈ పాఠంలో మందు బరువును ఎప్పుడూ "మిల్లీగ్రాములు" అని పూర్తిగా రాశాను. సిరంజిలోకి లాగే కొలతను "సీసీ" అన్నాను. సీసా మీద ఎం.ఎల్. అని ఉన్నా అదే సీసీ.

అంకెలను మాటల్లోకి మార్చలేదు. ఫోనులో డోసు చెప్పేటప్పుడు "రెండున్నర", "మూడున్నర" అనకండి, "రెండు పాయింట్ ఐదు", "మూడు పాయింట్ ఐదు" అనండి. కింద వచ్చే రెండు మందులకు తేడా సరిగ్గా అక్కడే ఉంది.

గంటలను కూడా రోజులు చేయలేదు. "మూడో రోజు" అంటే మందు వేసిన రోజును కలిపి లెక్కపెట్టేవాళ్ళు కొందరు, వదిలేసి లెక్కపెట్టేవాళ్ళు కొందరు. 48 గంటలు అంటే 48 గంటలే.

బరువు

కంటి అంచనా వద్దు. ఎండాకాలంలో వేరుశనగ కట్టె తిని నెట్టుకొచ్చిన ఆవు చూపుకు ఎలా ఉన్నా, టేపు చెప్పిందే నమ్మండి. ఆవును చదును నేల మీద నిలబెట్టి, ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టూ కొలవండి. తర్వాత భుజం ఎముక కొన నుంచి తోక పక్కనుండే పిరుదు ఎముక కొన వరకు పొడవు కొలవండి. రెండూ సెంటీమీటర్లలోనే.

బరువు (కిలోలు) = చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 10,840

చుట్టుకొలత 165, పొడవు 140 వచ్చిందనుకోండి. 165 × 165 × 140 = 38,11,500. దాన్ని 10,840తో భాగిస్తే 351.6 కిలోలు. కింది లెక్కలన్నీ తేలిగ్గా ఉండడానికి 350 కిలోల ఆవుకు చేసి చూపించాను. మీ ఆవుకు మీ అంకె వేసుకోవాలి.

లెక్క ఎప్పుడూ ఇదే వరుసలో: ముందు మిల్లీగ్రాములు, తర్వాత సీసీ. బరువును డోసుతో హెచ్చిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. వాటిని సీసా మీద ఒక సీసీకి ఎంత అని ఉందో దాంతో భాగిస్తే సీసీ వస్తుంది.

గోమార్ల జ్వరం (థైలేరియాసిస్)

సంకరజాతి ఆవుల్లో ఎక్కువ. 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, జబ్బ ముందు గడ్డ ఉబ్బడం, పాలు ఒక్కసారిగా తగ్గడం, తర్వాత కంటి లోపలి పొర పాలిపోవడం దీని గుర్తులు. రక్తం లేదా గడ్డ నీటి స్లైడు తీసి పంపండి.

బుపార్వాక్వోన్: కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు, మెడ కండరంలో. 350 కిలోలకు 875 మిల్లీగ్రాములు. సీసీకి 50 మిల్లీగ్రాముల మందైతే 17.5 సీసీ. ఒకేచోట 10 సీసీకి మించకూడదు కాబట్టి రెండు చోట్ల వేయాలి. అవసరమని డాక్టరు గారు చెబితే 48 నుంచి 72 గంటల మధ్య మరో డోసు.

ఎర్ర మూత్రం (బబీసియా)

ఇదీ గోమార్ల వల్లే వస్తుంది. జ్వరంతోపాటు మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది.

డిమినజీన్ అసిటురేట్: కిలోకు 3.5 మిల్లీగ్రాములు, లోతు కండరంలో, ఒక్కసారే. 350 కిలోలకు 1,225 మిల్లీగ్రాములు. పొడిని నీళ్ళలో కలిపాక సీసీకి 70 మిల్లీగ్రాములు ఉంటే 17.5 సీసీ.

ఇక్కడ కాస్త ఆగండి. రెండు మందులకూ 17.5 సీసీయే వచ్చింది. కింద నులిపురుగుల మందుకూ అదే వస్తుంది. సీసాల గాఢత వేరు కాబట్టి అలా కుదిరింది, అంతే. "ఈ ఆవుకు పదిహేడున్నర" అని గుర్తుపెట్టుకుంటే సీసా మారిన రోజు మునుగుతాం. రిజిస్టరులో మిల్లీగ్రాములే ముందు రాయండి.

నొప్పి, జ్వరం

మెలాక్సికామ్: కిలోకు 0.5 మిల్లీగ్రాము, ఒక్కసారి. 350 కిలోలకు 175 మిల్లీగ్రాములు. సీసీకి 5 మిల్లీగ్రాముల సీసా అయితే 35 సీసీ, 20 మిల్లీగ్రాముల సీసా అయితే 8.75 సీసీ. చిన్న సీసా చూసి తక్కువ మందనుకోవద్దు. ఎక్కడ వేయాలన్నది సీసా మీద ఉన్నట్టే.

డైక్లోఫెనాక్ ఎవరి దగ్గరైనా మిగిలి ఉన్నా పశువుకు వేయకండి. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయి, 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు.

నులిపురుగులు

ఫెన్‌బెండజోల్: కిలోకు 5 మిల్లీగ్రాములు, నోటి ద్వారా. 350 కిలోలకు 1,750 మిల్లీగ్రాములు. సీసీకి 100 మిల్లీగ్రాముల ద్రవమైతే 17.5 సీసీ. తల మరీ పైకెత్తి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఐవర్‌మెక్టిన్: మూలంలో కిలోకు 200 మైక్రోగ్రాములు అని ఉంది. అంటే 0.2 మిల్లీగ్రాము. మైక్రోను మిల్లీ అని చదివితే డోసు వెయ్యి రెట్లవుతుంది. 350 కిలోలకు 70 మిల్లీగ్రాములు. సీసీకి 10 మిల్లీగ్రాముల మందు 7 సీసీ, చర్మం కింద మాత్రమే. పాలిచ్చే ఆవుకు వద్దు.

పాల జ్వరం

పేరులో జ్వరం ఉన్నా ఒంటి వేడి సాధారణంగా పెరగదు, చెవులు చల్లబడతాయి. ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఆవు పడిపోయి, మెడ పక్కకు తిప్పి పెట్టుకుంటుంది. వెంటనే డాక్టరు గారికి గానీ 1962కు గానీ ఫోను చేయండి.

కాల్షియం: 100 కిలోలకు 2 గ్రాములు, సిరలో. ఇది కిలోకు కాదు, 100 కిలోలకు. మిల్లీగ్రాములు కాదు, గ్రాములు. 350 కిలోలకు 7 గ్రాములు. సీసా మీద రెండు అంకెలు ఉంటాయి: కాల్షియం బోరోగ్లూకొనేట్ ఎంత, అందులో కాల్షియం ఎంత. మన లెక్క రెండోదానికి. 100 సీసీకి 1.86 గ్రాముల కాల్షియం ఉన్న సీసా నుంచి 376 సీసీ.

ఒంటి వేడికి తెచ్చిన మందునే ఎక్కించాలి. నిమిషానికి 1 గ్రాము మించకూడదు, 10 నుంచి 20 నిమిషాలు పట్టనివ్వండి. ఒకరు గుండె చప్పుడు వింటూనే ఉండాలి. కొట్టుకోవడం మందగించినా తడబడినా ఆపేయాలి. ఆవును పక్కకు పడుకోనివ్వకుండా, ఛాతీ మీద కూర్చున్నట్టు గడ్డి మోపులతో ఆనించండి. మింగలేని ఆవు నోట్లో ఏమీ పోయకండి.

పొదుగు వాపు

చనుమొనలోకి ఎక్కించే ట్యూబుకు కిలోల లెక్క లేదు. వాచిన ఒక్కో చన్నుకు ఒక ట్యూబు, ఎన్ని గంటలకోసారి అన్నది ట్యూబు మీద ఉన్నట్టే. ముందు ఆ చన్ను పాలు పూర్తిగా పిండి పారబోయండి, మొనను స్పిరిట్‌తో తుడవండి.

పాలు ఎప్పుడు పోయవచ్చు

మందు వేసిన ఆవు పాలు సీసా మీద రాసిన గడువు ముగిసేదాకా కేంద్రానికి పోయకూడదు. "కాచితే మందు పోతుందిలే" అనే మాట మన దగ్గర చాలా వింటుంటాం. మరిగించినంత మాత్రాన మందు అవశేషం పూర్తిగా పోదు. రిజిస్టరులో ఆవు చెవి పోగు నంబరు, టేపు కొలతలు, బరువు, మందు పేరు, సీసా గాఢత, మిల్లీగ్రాములు, సీసీ, వేసిన గంట, పాలు మళ్ళీ పోయవచ్చే తేదీ రాసి, యజమాని చేత సంతకం పెట్టించండి.