శ్రావ్యకు, మూడు వ్యాసాల గురించి

శ్రావ్యా,

మూడు వ్యాసాలూ చదివాను. మార్కులు ఈపాటికి చూసుకునే ఉంటావు. మూసీ మీద 25కి 23, మెట్రో మీద 23, తెలుగు మీడియం మీద 24. సెక్షన్ మొత్తంలో ఇన్ని వచ్చింది నీకొక్కదానికే. అచ్చుతప్పు వెతికినా దొరకలేదు, ఒక్క వాక్యం కూడా కుంటలేదు. దిద్దడానికి ఏమీ కనపడలేదు కాబట్టే ఈ కాగితం విడిగా రాస్తున్నాను.

మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి బయటపడింది. చివరి పేరాలు అటుదిటు మార్చినా ఎవరూ పట్టుకోలేరు. ‘ప్రభుత్వం, ప్రజలు, స్వచ్ఛంద సంస్థలు సమష్టిగా కృషి చేసినప్పుడే’ అన్న వాక్యం మూసీకి సరిపోయింది, మెట్రోకి సరిపోయింది, బడికీ సరిపోయింది. మొదలు కూడా అంతే. ఒక చరిత్ర ముక్క, ఒక తేదీ, తర్వాత ‘నాణేనికి మరోవైపు’. లాభాలు మూడు, నష్టాలు మూడు. నాలుగో వ్యాసం నువ్వు రాయకముందే నేను చెప్పేయగలను.

ఈ పద్ధతి చెడ్డదని అనడం లేదు. నువ్వు గ్రూప్-1 వైపు చూస్తున్నావని తెలుసు. అక్కడ జనరల్ ఎస్సే పేపర్‌లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి, చేతిలో చట్రం లేకుండా కూర్చుంటే టైమ్ చాలదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నేర్పేదీ ఎక్కువగా ఇదే. కానీ నీకది వచ్చేసింది. వచ్చినదాన్నే ఇంకో ఏడాది రుద్దితే ఒరిగేదేమీ లేదు. నా కంప్లైంట్ ఒక్కటే. పెన్ను తీసేసరికే నీకు ముగింపు తెలిసిపోతోంది. రాస్తూ రాస్తూ నీ అభిప్రాయం ఎక్కడా ఒక్క అంగుళం కూడా కదల్లేదు.

మూసీ వ్యాసమే తీసుకుందాం. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదతో మొదలుపెట్టావు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది బతికారని రాశావు. బాగుంది. కానీ ఆ చెట్టు ఈసారి మన సెక్షన్‌లో సగం మందిని కూడా కాపాడింది. తర్వాతి పేరాలో విశ్వేశ్వరయ్య సలహా, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, ‘దూరదృష్టికి నిదర్శనం’. ఆ తర్వాతి పేరాలో ‘ఒకప్పుడు గలగలా పారిన మూసీ నేడు మురికికూపమైంది’.

ఈ రెండు పేరాల మధ్య ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. పైన రెండు జలాశయాలు నీళ్లు పట్టేస్తే, వానాకాలం గేట్లు ఎత్తిన రోజులు తప్ప ఊళ్లో మూసీలో పారేది ఏమిటి? ఎక్కువగా మనం వాడి వదిలిన నీళ్లే కదా. అంటే ఊరిని వరద నుంచి కాపాడిన పనికి, నది ఇలా అవడానికి సంబంధం ఉందన్నమాట. మరి నువ్వు చివర్లో కోరిన ‘పూర్వవైభవం’ ఏ కాలం నాటిది? 1908కి ముందుదా? ఆ వరద భయంతో సహా కావాలా? ఈ ప్రశ్న నేను బయట నుంచి తెచ్చింది కాదు, నువ్వు రాసిన వివరాల్లోనే ఉంది. పేరా పూర్తి చేసే తొందరలో దాటిపోయావు.

111 జీవో దగ్గరా ఇంతే. 1996లో వచ్చిందనీ, జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు ఆంక్షలు పెట్టిందనీ, 2022లో ఆ ఆంక్షలు సడలించారనీ కరెక్ట్‌గానే రాశావు. చివర్లో ‘ఇది విచారకరం’ అన్నావు. ఎవరికి? పక్క మండలం భూముల రేట్లు వింటూ, తన ఎకరంలో ఏమీ కట్టుకోలేక ఇన్నేళ్లూ గడిపిన మొయినాబాద్ రైతుకైతే కాదు. ఆయన పక్షాన రాయమని అనడం లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నా ఆ మాట అనగలవా అని అడుగుతున్నాను. అనగలిగితే మంచిదే, అప్పుడది నీ మాట అవుతుంది.

ఇక మూడో పేజీ చివర. ‘2020 అక్టోబర్‌లో చాదర్‌ఘాట్‌లోని మా అమ్మమ్మ ఇంట్లో నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చాయి. గోడ మీద ఆ మరక ఇంకా ఉంది, మామయ్య దాని మీద సున్నం వేయనివ్వడు.’

మొత్తం కట్టలో ఇంకెవరూ రాయలేని వాక్యాలు ఇవి. ఎందుకు వేయనివ్వడో తెలుసుకోవాలని పేజీ తిప్పాను. తిప్పితే ఏముంది? ‘కావున నదీతీర ఆక్రమణలను తక్షణమే తొలగించాలి.’

అమ్మమ్మ ఇల్లు ఆ ఆక్రమణల్లో ఉందా, లేదా? ఉంటే ఆమెను ఎక్కడికి పొమ్మంటున్నావు? లేకపోతే ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య గీత ఎవరు గీశారు, ఏ లెక్కన? మామయ్య ఆ మరక ఉంచింది ఇల్లు ఖాళీ చేద్దామని ఇంట్లోవాళ్లకి చూపించడానికా, అంత వరదనీ తట్టుకున్నాం, కదలం అని చెప్పడానికా? నీకు నిజంగా చిక్కుముడి ఉన్న చోటు ఇదొక్కటే. అక్కడే అన్నిటికన్నా జోరుగా నడిచావు.

మెట్రో వ్యాసంలో అలాంటి చోటే లేదు. రోజూ ఎల్‌బీ నగర్ నుంచి అందులోనే వస్తావు, వ్యాసంలో మాత్రం ఒక్క ప్రయాణికుడూ కనపడలేదు. రైలు దిగాక ఆటోకి ఎంత అవుతుందో రాసినా సగం వాదన దానంతటదే వచ్చేది. తెలుగు మీడియం వ్యాసానికి 24 వేశాను గానీ నమ్మలేదు. మాతృభాషలోనే చదువు సాగాలని గట్టిగా తేల్చేశావు. మీ తమ్ముడు చదివేది ఇంగ్లిష్ మీడియమని నువ్వే ఒకసారి చెప్పావు. అతన్ని అక్కడ చేర్పించిన మీ నాన్నగారి వాదన ఏమిటో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు.

మిగతా రెండూ వదిలెయ్, మూసీ ఒక్కటే మళ్లీ రాయి. గోడ మీద మరకతో మొదలుపెట్టు. రాసే ముందు మామయ్యను అడుగు, ఆయన ఏమన్నారో ఆయన మాటల్లోనే పెట్టు. ఆక్రమణలు తీసేయాలనే నీ అభిప్రాయం అలాగే ఉండొచ్చు, మారొచ్చు, రెండూ నాకు సమ్మతమే. కానీ ఎదుటి పక్షం మాట రాసినప్పుడు వాళ్లు చదివి ‘అవును, మేం అంటున్నది ఇదే’ అనాలి. చింతచెట్టు వద్దు. ‘కావున’, ‘సమష్టిగా’, నాణెం, ఏవీ వద్దు. ముగింపు పేరా అసలు రాయకు, చెప్పాల్సింది అయిపోయిన చోట ఆపెయ్. రెండు పేజీలు దాటొద్దు.

ఫెయిర్ చేసి తేవొద్దు. నీ కాగితాల్లో కొట్టివేత ఒక్కటీ ఉండదు, ఈసారి నాకు అవే కావాలి. ఎక్కడ ఆగావో, ఏ మాట రాసి వద్దనుకున్నావో చూస్తే నేను చెప్పగలిగేది ఏదైనా ఉంటుంది. మొదటిసారి ఇప్పటి వ్యాసం కన్నా అధ్వానంగా రావచ్చు, టెన్షన్ పడకు. దీనికి మార్కులు వేయను, ఇంటర్నల్స్‌లో కలపను. సెమిస్టర్ పరీక్షకి మాత్రం నీ పాత పద్ధతిలోనే రాసెయ్.

శుక్రవారం మూడో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌కి రా. మామయ్య ఏం చెప్పారో ముందు అది చెప్పు, కాగితం తర్వాత చూస్తాను.

మీ తెలుగు మేడమ్