అనురాధ, యజమాని – అనురాధ బ్యూటీ పార్లర్, దానవాయిపేట, రాజమండ్రి

నమస్తే. నేను అనురాధ. దానవాయిపేటలో 2015 నుంచి ఈ పార్లర్ నడుపుతున్నాను. ఆడవాళ్ళకు, పిల్లలకు మాత్రమే. నాతో పాటు ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తారు. ఇంతకు ముందు ఎప్పుడూ రాని వాళ్ళు కూడా ఈ పేజీ చూసే బుక్ చేస్తున్నారు కాబట్టి నా పని ఎక్కడ నేర్చుకున్నాను, ఏది బాగా చేస్తాను, ఏది చేయను అన్నది ముందే చెప్పేస్తున్నాను.

చదువు, పని

ఇంటర్ అయ్యాక ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ చదివాను. ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ కౌంటర్ వెనకాల గోడకి ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. ఆ కోర్సులో అందరూ విసుక్కునే సబ్జెక్టు చర్మం, జుట్టు, గోళ్ళ నిర్మాణం. ఇప్పుడు రోజూ పనికొచ్చేది అదే. తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద సెలూన్‌లో నాలుగేళ్ళు చేశాను. అక్కడ చేరిన కొత్తలో నెలల తరబడి తలలు కడగడం, తువ్వాళ్ళు మడవడమే పని. కత్తెర పట్టనిచ్చింది ఆ తర్వాతే. బ్రైడల్ మేకప్ చెన్నైలో నేర్చుకున్నాను. పూలజడ మాత్రం ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. కడియం దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్ళో, అరుగు మీద కూర్చుని అమ్మమ్మ కుడుతుంటే సూదికి దారం ఎక్కిస్తూ నేర్చుకున్నాను.

పెళ్లికూతురి అలంకరణ

నా దగ్గరికి ఎక్కువ మంది దీని కోసమే వస్తారు, నాకు ఎక్కువ ఇష్టమైన పని కూడా ఇదే. మన పెళ్లిళ్ళకు మేకప్ వేయడమంటే ఫొటోల్లో బాగుంటే చాలదు. హోమం పొగ ఉంటుంది. తలంబ్రాల పసుపు మెడ మీదికి, బుగ్గల మీదికి వస్తుంది. అప్పగింతల్లో ఏడుపు ఎలాగూ తప్పదు. మే నెలలో రాజమండ్రి ఎండ, ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందుకని మందంగా ఒకేసారి పూయకుండా, పల్చగా పొరలు పొరలుగా వేసి, మధ్యమధ్యలో సెట్ చేస్తాను. టైం ఎక్కువ పడుతుంది, కానీ కరగదు.

ఇంకో విషయం. ఇప్పుడు చాలామంది నడినెత్తి దగ్గర జుట్టు ఎత్తుగా, పఫ్‌లా కావాలని ఫొటో చూపిస్తారు. జీలకర్ర బెల్లం పెట్టేది సరిగ్గా అక్కడే. తల నిండా స్ప్రే కొట్టి, పిన్నులు గుచ్చి ఉంటే ఆ ముద్ద నిలవదు, జారి నుదుటి మీదికి వస్తుంది, పాపిటబిళ్ళ కదిలిపోతుంది. అందుకే ఆ చోటు చదునుగా వదిలి, ఎత్తు కాస్త వెనక్కి జరుపుతాను. పాపిటబిళ్ళకు, సూర్యుడు చంద్రుడికి లోపల చిన్న ముడులు వేసి కట్టేస్తాను, బాసికం కట్టేటప్పుడు లాగినా ఊడవు. మధుపర్కాలకు చీర మార్చేటప్పుడు మా అమ్మాయి ఒకరు మీతోనే ఉంటుంది. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైనా సరే.

పూలజడకి పూలు కడియం నుంచి అదే రోజు వస్తాయి. మల్లెమొగ్గలైతే ముహూర్తాన్ని బట్టి కోత చెప్పిస్తాను. రాత్రి పెళ్లికి మధ్యాహ్నం గట్టి మొగ్గలతో కుట్టాలి, పీటల మీద కూర్చునే వేళకి అవి విచ్చుకుంటాయి. విచ్చుకున్న పూలతో కుడితే త్వరగా వాడి గోధుమరంగుకి తిరుగుతాయి. మల్లెలు దొరకని రోజుల్లో లిల్లీలు, చామంతులు, కనకాంబరాలతో కుడతాను. చలికాలం పెళ్లికి మల్లెలే కావాలని పట్టుబడితే దొరికినా ధర మండిపోతుంది, ముందే చెప్తున్నా. జడ బరువు మెడ మీద పడకుండా, మీ సొంత జడకే మూడు నాలుగు చోట్ల కడతాను. అట్ట మీద కుట్టి పిన్నులతో తగిలించే రకం నేను చేయను.

పెళ్లికి కనీసం రెండు వారాల ముందు ట్రయల్‌కి రావాలి. చీర రంగు చూపించే ముక్క, నగలు లేదా వాటి ఫొటోలు తెచ్చుకోండి. ఓణీల ఫంక్షన్‌కి, సీమంతానికి ట్రయల్ అవసరం లేదు.

మిగతా పనులు

హెయిర్ కట్, కలర్, ఫేషియల్, వాక్సింగ్, మానిక్యూర్, పెడిక్యూర్ అన్నీ ఉన్నాయి, రేట్లు కింద బుకింగ్ పట్టికలో చూడొచ్చు. ఉంగరాల జుట్టు కత్తిరించడం నాకు ప్రత్యేకంగా ఇష్టం. దాన్ని తడిపి, దువ్వి, సాగదీసి కోస్తే ఆరాక రెండంగుళాలు పైకి లేచి కూర్చుంటుంది. నేను ఆరిన జుట్టునే, ఉంగరం ఉంగరంగా చూసుకుంటూ కోస్తాను. అలాంటి వాళ్ళు తలస్నానం చేసి, నూనె రాయకుండా, జడ వేయకుండా రండి.

తలలో పేలున్న పిల్లల్ని తీసుకురావడానికి తల్లులు మొహమాటపడతారు. మొహమాటం వద్దు, బుకింగ్‌లో ఒక ముక్క రాయండి చాలు. సాయంత్రం చివరి స్లాట్ ఇచ్చి, పక్క గదిలో కూర్చోబెడతాం. వాడిన దువ్వెనలు 55 డిగ్రీలు దాటిన వేడి నీళ్ళలో పది నిమిషాలు నానుతాయి. పిల్ల ముందు ఎవరూ ఆ మాట పైకి అనరు.

శుభ్రత

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కస్టమర్లు అడగడానికి ఇబ్బంది పడే విషయం ఇదొక్కటే. మా దగ్గర అడగండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

థ్రెడింగ్ చేసేటప్పుడు దారం నోట్లో పెట్టుకోం. ఒక కొస మెడకి తగిలించుకుంటాం. అలవాటు కావడానికి మా అమ్మాయిలకి కొన్ని వారాలు పడుతుంది, అందాకా వాళ్ళకి కనుబొమ్మలు ఇవ్వను. మీ దారం మీకే, పని కాగానే చెత్తబుట్టలోకి. వాక్స్‌లో ఒకసారి ముంచిన చెక్క పుల్ల చర్మానికి తగిలాక మళ్ళీ గిన్నెలోకి వెళ్ళదు. అందుకే ఒక్క చేతికి నాలుగైదు పుల్లలు వాడటం చూస్తారు, దుబారా అనుకోకండి. బ్లేడు ప్యాకెట్ మీ ముందే విప్పుతాం. వాడినది మూతున్న గట్టి డబ్బాలో పడుతుంది.

గోళ్ళ కట్టర్లు, క్యూటికల్ నిప్పర్లు, బ్లాక్‌హెడ్స్ తీసే లోహపు కడ్డీలు ముందు సబ్బుతో, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, కవర్లలో సీల్ చేసి ఆటోక్లేవ్‌లో పెడతాం. 121 డిగ్రీల ఆవిరిలో 30 నిమిషాలు. కవరు మీద ఉన్న గుర్తు రంగు మారితేనే ఆ వేడి తగిలినట్టు. మీ కవరు మీ చేతికే ఇస్తాం, రంగు చూసి మీరే చింపండి. చాలా పార్లర్లలో నీలం లైటు పెట్టె చూపించి స్టెరిలైజ్ చేశాం అంటారు. ఆ లైటు తగిలిన పైభాగం మీదే దాని ప్రభావం, కట్టర్ కీలు లోపలికి వెళ్ళదు. మా దగ్గరా ఆ పెట్టె ఉంది, శుభ్రం చేసిన దువ్వెనలు దాచుకోవడానికి. కంటికి కనపడనంత రక్తంతో కూడా హెపటైటిస్ బి అంటుకోవచ్చు, ఆ వైరస్ వస్తువుల మీద కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అందుకే ఇంత చాదస్తం. నేను, మా అమ్మాయిలు ముగ్గురూ ఆ టీకా మూడు డోసులూ వేయించుకున్నాం.

పెడిక్యూర్‌కి బుడగలొచ్చే జెట్ టబ్ కొనలేదు. దాని గొట్టాల్లో చేరే మురికి బయటికి కనపడదు, కడగడం కష్టం. మామూలు స్టీలు తొట్టె, దానికి ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ తొడుగు. లిప్‌స్టిక్ నేరుగా పెదాలకి రాయం, స్టీలు పలక మీదికి గీకి బ్రష్‌తో వేస్తాం. తువ్వాళ్ళు ఒకరికి ఒకటి, వేడి నీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరాకే మడుస్తాం. వానాకాలంలో డ్రయ్యర్ వాడతాం, ముక్క వాసనొచ్చే తువ్వాలు మీ ముఖం మీద పడదు.

తల కడిగేటప్పుడు మెడ కింద మెత్తటి దిండు పెడతాం. 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా మెడ రక్తనాళం నొక్కుకుని పక్షవాతం లక్షణాలు వచ్చాయని పేపర్లలో చదివే ఉంటారు. అరుదే, కానీ మెడ నొప్పి, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళకి బేసిన్ మీద వెనక్కి వంచకుండా ముందుకి వంగి కడుగుతాం. మధ్యలో తల తిరిగినట్టున్నా, చూపు మసకబారినా వెంటనే చెప్పండి.

నేను చేయనివి

హెయిర్ కలర్‌కి 48 గంటల ముందు చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ చుక్క పెట్టి చూడాలి. చూడకుండా వేయను, ఎంత తెలిసినవాళ్ళైనా. ఇదివరకు నల్ల మెహందీకి బొబ్బలొచ్చిన వాళ్ళు తప్పకుండా చెప్పాలి. రెండింటిలోనూ ఒకే రసాయనం ఉండొచ్చు, రెండోసారి రియాక్షన్ ఇంకా తీవ్రంగా రావచ్చు.

కెరటిన్, స్మూతనింగ్ అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. ఐరన్ చేసేటప్పుడు కళ్ళు మండించే పొగ వచ్చే ఆ రకాలు మా దగ్గర లేవు. ఆ పొగలో ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది. మీరు పీల్చేది ఒక్కరోజు, మా అమ్మాయిలు పీల్చాల్సింది రోజూ. దీనివల్ల కొంత బేరం పోతోంది, పోనివ్వండి.

మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఆపి ఆరు నెలలు కాకపోయినా వాక్స్ చేయను, చర్మం లేచి వస్తుంది. తెల్లబడటానికి మందుల షాపులో ట్యూబు కొని ఏళ్ళ తరబడి రాసిన ముఖాలు నాకు చూడగానే తెలుస్తాయి. పల్చబడి, ఎర్రగా, సన్నని నరాలు కనిపిస్తూ ఉంటాయి. అవి చాలావరకు స్టెరాయిడ్ క్రీములు. అలాంటి చర్మానికి ఫేషియల్, బ్లీచ్ చేయను, ముందు చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటాను. తిట్టుకుంటూ వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు. రంగు పెంచుతానని నేను ఎవరికీ మాటివ్వను. పెళ్లికూతురికి కూడా మీ మెడ రంగుకి కలిసే ఫౌండేషనే వేస్తాను.

బుక్ చేసేటప్పుడు

ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా ఉంటాం. మంగళవారం సెలవు, ఆ రోజు గోడలు, ఏసీ ఫిల్టర్లు, కాలవలు కడుగుతాం. పెళ్లిళ్ళ సీజన్‌లో నేను మండపంలో ఉంటే పార్లర్‌లో అమ్మాయిలు చేస్తారు. నేనే చేయాలనుకుంటే స్లాట్‌లో నా పేరు ఎంచుకోండి. పెళ్లి బుకింగ్‌కి మూడో వంతు అడ్వాన్స్, ముహూర్తం మారితే ఆ డబ్బు కొత్త తేదీకి సర్దుతాను. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా, అలర్జీలున్నా, ఏవైనా మందులు వాడుతున్నా నోట్‌లో రాయండి. మీరు రాసింది నేను, మీకు పనిచేసే అమ్మాయి తప్ప ఎవరూ చూడరు.