ముండారీలో నామవాచకం లేదా?

సింధు: నీ సెమినార్ పేపర్లో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను రఘూ. "నామం, క్రియ లేని భాష లేదు" అని రాసేశావు. మరి జార్ఖండ్ వైపు మాట్లాడే ముండారీ భాషని ఏం చేస్తావు? ఏ మాటైనా ఏ పనికైనా పనికొస్తుందన్న వాదన 1903లో హాఫ్‌మన్ వ్యాకరణం నాటినుంచీ ఉంది. 'బురు' అంటే కొండ. దానికే కాల ప్రత్యయాలు తగిలిస్తే 'కుప్ప పోశారు' అవుతుంది.

రఘు: నా పేపరుకి ఆ 'బురు'యే ఆధారం. 2005లో ఎవన్స్, ఒసాదా దాన్ని విప్పి చూపించారు. నామం, క్రియ అనే పద తరగతులే లేవనాలంటే అర్థంలో తేడా అంతా స్థానం వల్లే రావాలి. అలాగైతే క్రియ స్థానంలో 'బురు'కి 'కొండ అయింది' లాంటి అర్థం రావాలి. కుప్ప పోయడం ఎక్కణ్ణుంచి వచ్చింది? అది విడిగా నేర్చుకోవాల్సిన అర్థం. పైగా నామం క్రియగా, క్రియ నామంగా దారి రెండువైపులా తెరిచి ఉండాలి, నిఘంటువంతటికీ వర్తించాలి. నాలుగు మాటలు ఏరుకొచ్చి చూపిస్తే సరిపోదు.

సింధు: ఆ వ్యాసానికి అదే సంచికలో జవాబులు వచ్చాయి, చదివావా? హెంగెవెల్డ్, రైఖాఫ్ ఏమన్నారంటే, మాటకి మొదట్నుంచీ ఉన్నది విశాలమైన అర్థమే, స్థానం అందులో ఒక ముక్కని పైకి తెస్తుంది. కొండ, కుప్ప రెండూ పోగుపడినవే కదా.

రఘు: అలా సాగదీస్తే ఏ మాటకైనా విశాలమైన అర్థం కల్పించొచ్చు. తప్పని నిరూపించే దారే లేని వాదన అది.

సింధు: సరే, ఇంటికే రా. తెలుగులో విశేషణం ఉందంటావా?

రఘు: ఉంది. పెద్ద, చిన్న, కొత్త, పాత, మంచి, చెడ్డ, తెల్ల, నల్ల. "ఈ ఇల్లు పెద్ద" అనం, 'పెద్దది' అంటాం. విభక్తీ పట్టదు, కాలమూ పట్టదు. ఆఫ్రికాలోని ఇగ్బో భాషలో విశేషణాలు ఎనిమిదేనని అంటారు. అవీ సరిగ్గా ఈ అర్థాలే! రెండు ఖండాల్లో ఒకే జాబితా తేలితే కాకతాళీయమనుకోను.

సింధు: విభక్తి పట్టదా? "అంతా మన మంచికే." "కొత్తలో అలాగే ఉంటుంది." "ఇంటి పెద్దని అడుగు."

రఘు: 'పెద్ద' అంటే అక్కడ పెద్దమనిషి. పెద్ద ఇంటిని చూపించి 'పెద్దని కొన్నాను' అనలేవు, 'పెద్దదాన్ని' అనాలి. 'బురు'కి పెట్టిన పరీక్షే ఇది: అర్థం మారిందంటే అది వేరే మాట కింద లెక్క. రంగుల్లో ఇంకా స్పష్టం. 'నల్లకి' రాదు, 'నలుపుకి' వస్తుంది.

సింధు: ఒప్పుకుంటాను. కానీ నీ జాబితాలో 'పొడవు' లేదు, 'అందం' లేదు. ఇంగ్లీషులో విశేషణాలైన ఆ భావాలు మనకి నామాలు. 'అందమైన', 'అందంగా' అని అతుకు వేయాల్సిందే. అనువాదం చూసి తరగతి నిర్ణయిస్తే ఇక్కడే బోల్తా పడతాం. ఇంకోటి, కర్తని బట్టి పురుష ప్రత్యయం మారడం క్రియ గుర్తు అని రాశావు. "నేను డాక్టర్ని, నువ్వు డాక్టరువి, మేం డాక్టర్లం." ఇవి క్రియలా?

రఘు: కావు. ఆ వాక్యం తీసేస్తాను. కాలం, వ్యతిరేకం పెట్టి చూస్తే విడిపోతాయి: 'డాక్టరు కాదు', 'రాలేదు'. 'డాక్టర్ లేడు' అంటే వేరే సంగతి.

సింధు: అదిగో, నా అసలు అభ్యంతరం. ఒక పరీక్ష కుదరకపోతే ఇంకోటి తెచ్చావు. కెనడా పశ్చిమ తీరపు నూట్కా భాషల్లో 'మనిషి' క్రియ స్థానంలో, 'పనిచేయు' కర్త స్థానంలో నిలుస్తాయని స్వాడెష్ 1939లో చూపించాడు. జాకబ్సన్ 1979లో, ఇంగ్లీషు 'the' లాంటి నిర్దేశక ప్రత్యయం లేకుండా కర్తగా నిలిచేవి నామాలే అని తేడా పట్టాడు. అక్కడ తేల్చింది ఆ ప్రత్యయం, ఇక్కడ విభక్తి, ఇంకోచోట ఇంకేదో. ఒక్కో భాషలో ఒక్కో గీటురాయి పెట్టి, వచ్చినవాటన్నిటికీ 'నామం' అని ఒకే పేరు ఎలా పెడతావు? అన్ని పరీక్షలూ పెడితే రెండు కాదు, యాభై తరగతులు వస్తాయి. రెండు దగ్గరే ఎందుకు ఆపావు?

రఘు: భాషాశాస్త్రవేత్త క్రాఫ్ట్ జవాబు ఉందిగా. వస్తువుని సూచించడం, పనిని విధేయంగా, అంటే కర్త గురించి చెప్పే మాటగా, వాడడం, గుణంతో విశేషించడం: ఈ మూడు జతలకీ అదనపు గుర్తు తక్కువ, జత మారితే గుర్తు అంతే ఉంటుంది లేదా పెరుగుతుంది, తగ్గదు. 'వచ్చు'ని సూచనకి వాడాలంటే 'రావడం' చెయ్యాలి. 'ఇల్లు'కి అలాంటిదేం అక్కర్లేదు.

సింధు: అది గుర్తుల గురించిన సార్వత్రిక నియమం, తరగతుల గురించి కాదు. పైగా క్రాఫ్ట్ దాన్ని భాషల్లోని తరగతులు ఒకటే అనడానికి చెప్పలేదు. పాణిని చూడు. సుప్ అనే విభక్తులు చేరిన సుబంతం, క్రియా ప్రత్యయాలు చేరిన తిఙంతం, అంతే. విశేషణం సుబంతంలోనే కలిసిపోయింది, అవ్యయాలకి కూడా సుప్ చేర్చి లోపింపజేశాడు. సంస్కృతానికి అది చాలు.

రఘు: అయినా రెండు మిగిలాయి!

సింధు: సంస్కృతంలో మిగిలాయి. నీ వాక్యంలో 'లేని భాష లేదు' అని ఉంది.

రఘు: అయితే ఇలా మారుస్తాను: "పరిశీలించిన భాషల్లో ఏదో ఒక పరీక్షకి నామం, క్రియ విడిపోతాయి."

సింధు: 'ఏదో ఒక' పరీక్ష ఏదో ముందే చెప్పు. పదాలు చూడకముందే రాసిపెట్టు. లేకపోతే సెమినార్లో నేనే లేచి అడుగుతాను.