ఆర్డర్ ఏపీఐలో మళ్లీ మళ్లీ ఆలస్యం, రాని ఫిల్స్: ఖాతా KT4417, ఆర్డర్ 88213407

నమస్తే,

ఈ నెలలో మీకు ఇది నా నాలుగో మెయిల్. ముందు మూడింటికీ ఒకటే జవాబు, "మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకుని మళ్లీ లాగిన్ అవ్వండి" అని. సరిచూసుకున్నాను, లాగిన్ అయ్యాను, ఏమీ మారలేదు. దయచేసి దీన్ని ఏపీఐ కోడ్ చూసే ఇంజినీర్‌కి పంపండి, మళ్లీ అదే జవాబు మాత్రం వద్దు.

ముందు ఆలస్యం సంగతి. మామూలు రోజుల్లో నేను ఆర్డర్ పంపాక 80 నుంచి 120 మిల్లీసెకన్లలో మీ సర్వర్ నుంచి అక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చేస్తుంది, దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు. 3వ తేదీన మార్కెట్ తెరిచిన మొదటి పది నిమిషాల్లో అది 4.2 సెకన్లకు పోయింది, 12న 6 సెకన్లు, 19న ఏకంగా 11 సెకన్లు. మూడుసార్లూ రద్దీ సమయంలోనే. సెకనుకు 10 ఆర్డర్లు మీ పరిమితి, నేను ఎప్పుడూ 3 దాటలేదు, 429 ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు. నా మెషీన్ గడియారం ఎన్‌టీపీతో సింక్ అయి ఉంది. 19న వేరే నెట్‌వర్క్‌లో ఉన్న రెండో మెషీన్ నుంచి కూడా పంపి చూశాను, అక్కడా అంతే ఆలస్యం.

ఆలస్యం అయినా ఎలాగోలా తట్టుకోవచ్చు, ఆర్డర్ల మధ్య కాస్త ఎడం ఇచ్చి, రద్దీ తగ్గేదాకా ఆగి నడిపించుకుంటాను. ఫిల్స్ రాకపోతే మాత్రం నా చేతిలో ఏముందో నాకే తెలియదు. అసలు ఫిర్యాదు దీని గురించే.

19న ఉదయం 10:14కి 400 యూనిట్ల అమ్మకం లిమిట్ ఆర్డర్ పెట్టాను. వెబ్‌సాకెట్‌లో 250కి ఫిల్ వచ్చింది, తర్వాత ఏమీ రాలేదు. 30 సెకన్లు ఆగి మిగిలిన 150ని క్యాన్సిల్ చేయమని పంపాను. మీరు 200 కోడ్ ఇచ్చారు, కానీ రిక్వెస్ట్ అందినంత మాత్రాన ఆర్డర్ క్యాన్సిల్ అయినట్టు కాదని నాకు తెలుసు కాబట్టి, నా ప్రోగ్రామ్ అక్కడితో నమ్మేయకుండా స్టేటస్ అడిగింది. మీరు ఇచ్చిన జవాబు ఇదీ:

```
GET /orders/88213407
10:14:52  {"status":"CANCELLED","qty":400,"filled_qty":250}
10:47:30  {"status":"FILLED","qty":400,"filled_qty":400}
```

మొదటి లైన్‌ని నమ్మి 150కి కొత్త ఆర్డర్ పంపాను, అదీ అమ్ముడైంది. అరగంట తర్వాత రెండో లైన్ వచ్చింది. అంటే నా దగ్గర ఉన్నవి 400, అమ్మింది 550, నాకు తెలియకుండానే 150 షార్ట్‌లో కూర్చున్నాను. ఈలోపు ధర పెరిగింది, వాటిని నష్టానికి తిరిగి కొనాల్సి వచ్చింది. ఆ అరగంటలో పొజిషన్ల పేజీ ఒక సంఖ్య, ట్రేడ్ బుక్ ఇంకో సంఖ్య చూపిస్తుంటే ఏది నిజమో తెలియక పడ్డ టెన్షన్ మీకు ఎలా చెప్పాలో అర్థం కావడం లేదు. మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వాళ్ల స్క్రీన్ మీద కూడా 250 అనే ఉంది.

రెండో ఫిల్‌కి ఎక్స్ఛేంజ్ టైమ్‌స్టాంప్ 10:14:07. అంటే నేను క్యాన్సిల్ పంపకముందే ఆ 150 అమ్ముడైపోయాయి. ఎక్స్ఛేంజ్ చెప్పిన మాట మీ సిస్టమ్ లోపల ఎక్కడో ఆగిపోయింది, లేదా పోయింది. ఫిల్ పూర్తయిన ఆర్డర్‌కి CANCELLED అని ఏ ఆధారంతో రాశారు? ఎక్స్ఛేంజ్ నుంచి క్యాన్సిల్ ధ్రువీకరణ రాకుండానే స్టేటస్ మార్చేస్తున్నారని నా అనుమానం, కాదంటే లాగ్స్ చూపించండి. 12న కూడా 60 యూనిట్ల ఫిల్ ఒకటి ఇలాగే రోజు ముగిశాక స్టేట్‌మెంట్‌లో బయటపడింది, అప్పుడు నష్టం రాలేదు కాబట్టి వదిలేశాను, వదిలేయకుండా ఉండాల్సింది.

నాకు కావలసింది చెబుతున్నాను. 88213407కి మీ గేట్‌వే లాగ్స్ ఆధారంగా ఏ క్షణంలో ఏం జరిగిందో రాతపూర్వకంగా ఇవ్వండి. వెబ్‌సాకెట్ మెసేజ్‌లకు వరుస సంఖ్యలు పెట్టండి, మధ్యలో ఒకటి తప్పితే నేను పట్టుకోగలను, కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు తప్పినవి తిరిగి పంపించే ఏర్పాటు కూడా ఉండాలి. ఇక ఆ 150 యూనిట్లను తిరిగి కొన్నప్పుడు వచ్చిన నష్టం, వాటి బ్రోకరేజీ నా ఖాతాలో తిరిగి వేయండి.

ఐదు పనిదినాలు చూస్తాను. అప్పటికీ కారణం చెప్పకపోతే నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేస్తాను. అప్పటిదాకా ఏపీఐ ద్వారా ఒక్క ఆర్డర్ కూడా పెట్టడం లేదు, ప్రోగ్రామ్ ఆపేశాను.

మూడు రోజుల రిక్వెస్ట్, రెస్పాన్స్ లాగ్స్, 12, 19 తేదీల స్టేట్‌మెంట్లు దీనికి జతచేశాను. ఏపీఐ కీలు, టోకెన్లు తీసేశాను, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇట్లు,
ఖాతాదారు, KT4417