సవరానికి సరిపోని జుట్టు

మా ఇంట్లో బాత్రూమ్ తలుపు పక్కన గోడకి ఒక మేకు ఉంది, దానికి నా సవరం వేలాడుతూ ఉంటుంది. ఈ కాలం పిల్లలకి సవరం అంటే తెలుసో లేదో, జడలో కలిపి అల్లుకునే జుట్టు పాయ. నాది బజార్లో కొన్నది కాదు. పెద్దదాని పురుడయ్యాక జుట్టు పిడికిళ్లకొద్దీ రాలుతుంటే మా అమ్మ ఒక్క వెంట్రుక పారేయనివ్వకుండా ఉండలు చుట్టి పాత దిండు గలేబులో దాచింది, వీధిలోకి సవరాలు కట్టేవాళ్లు వచ్చినప్పుడు ఇచ్చి కట్టించింది. అంటే అది ఇరవై ఏడేళ్ల నా జుట్టే. కారు నలుపు. నాకిప్పుడు అరవై మూడు.

రంగు వేసుకోవడం నలభై ఆరో ఏట మొదలుపెట్టాను. అందం కోసం కాదంటే అబద్ధమే, కానీ మొదటి కారణం మాత్రం సవరం. పైన నెరిసి కింద జడ నల్లగా ఉంటే గుట్టు తెలిసిపోతుంది కదా. ఆ తర్వాత పెద్దదానికి సంబంధాలు చూడటం మొదలైంది, పెళ్లికూతురి తల్లి తల ముగ్గుబుట్టలా ఉంటే ఏం బావుంటుందని మా ఆడపడుచు అంది. ఆ పెళ్లి అయ్యాక మానేద్దామనుకున్నా, అబ్బాయి పెళ్లి వచ్చింది. తర్వాత గృహప్రవేశం, మనవరాలి అన్నప్రాసన. ఏదో ఒక ఫోటో ఎప్పుడూ ముందు ఉండేది.

మూడు వారాలకోసారి ఆదివారం పొద్దున మా బ్రాడీపేట ఇంట్లో ఇదొక కార్యక్రమం. పెరట్లో పాత పేపర్లు పరిచి, ఆయన చిరుగుల బనీనుతో ఒక స్టూలు మీద, నేను మరకల నైటీతో ఇంకో స్టూలు మీద. ముందు ఆయన తల, మీసం నేను వేసేదాన్ని, తర్వాత నా వెనక భాగం ఆయన వేసేవారు. వేసేవారు అంటే పూసేవారు. మెడ మీద, చెవుల వెనక నల్ల మరకలతో సోమవారం దాకా పైట కప్పుకుని తిరిగేదాన్ని.

పోయిన ఏడు ఉగాదికి రెండు రోజుల ముందు వేసుకున్న రంగుతో మొహం వాచిపోయింది. రాత్రి తల దురద, పొద్దున్నే అద్దంలో చూసుకుంటే కళ్లు రెండు గీతలు. డాక్టరమ్మ చూడగానే అడిగింది, డై వేశారా అని. పదిహేడేళ్లుగా వేస్తున్నానండీ, ఎప్పుడూ ఏమీ కాలేదే అన్నాను. అందులో పీపీడీ అనే మందు ఉంటుందట, ఏళ్ల తరబడి ఊరుకుని ఒకరోజు పడటం మానేస్తుందట, అలా పడటం మానేశాక ఇక జన్మలో పడదట. నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లో కూడా తరచూ అదే ఉంటుందని చెప్పింది. 'అది లేని రంగులు ఉన్నాయమ్మా, ముందు చెవి వెనక కొంచెం రాసుకుని రెండు రోజులు చూసి వాడుకోవచ్చు' అని పేరు రాసిచ్చింది కూడా.

ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. అందుకే అందరికీ 'పడలేదు, డాక్టరు వద్దన్నారు' అని చెబుతుంటే నాకే నవ్వొస్తుంది. ఆవిడ వద్దనలేదు. వాపు తగ్గే నెల రోజులూ రంగు లేకుండా గడిచాక, ఇంకో ఆదివారం ఆ స్టూలు ఎక్కాలంటే నాకు బుద్ధి పుట్టలేదు, అంతే. కానీ 'బుద్ధి పుట్టలేదు' అంటే మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు, జబ్బు అంటే వెంటనే ఒప్పుకుంటారు.

మొదటి మూడు నెలలు కష్టం. నెలకి అరంగుళం కంటే పెరగదు జుట్టు. పాపిట దగ్గర సున్నం గీసినట్టు తెల్ల చార, కింద రంగు వెలిసి తుప్పు పట్టినట్టు ఎరుపు, ఆ కింద సవరం నలుపు. మనవరాలు వెనక నిలబడి చూసి 'అమ్మమ్మా, నీ జడ మూడు రంగుల ఐస్‌క్రీమ్‌లా ఉంది' అంది. పక్కింటావిడ పాలప్యాకెట్ తీసుకుంటూ 'ఒంట్లో బావుండట్లేదా పిన్నిగారూ, అలా అయిపోయారేంటి' అంది. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి 'అమ్మా, ఏదైనా టెన్షనా?' అంది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయన పెద్ద మాట.

కార్తీకంలో తెల్ల సవరం కోసం బెజవాడ వన్‌టౌన్ వెళ్దామని బయల్దేరాం. ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా, ఆధార్ చూపించాను. కండక్టరు కుర్రాడు కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. అందులో నాది నిగనిగలాడే నల్ల తల. 'మామ్మగారూ, ఇది మీదేనా, మీ అమ్మాయిదా?' అన్నాడు. నాదే బాబూ, అప్పుడు రంగు వేసుకునేదాన్ని అని బస్సంతా వినేలా చెప్పాల్సి వచ్చింది. జీరో టికెట్ చేతిలో పెట్టి, పక్కన నిలబడ్డ ఆయనతో 'అంకుల్, మీ అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి' అన్నాడు.

మంగళగిరి దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు, కిటికీ పక్కన కూర్చున్నది నేనైనా. ఆయన నా కంటే ఆరేళ్లు పెద్ద. వారధి మీదికి వచ్చాక కృష్ణని చూస్తూ నాకు ఆగలేదు, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన మీసం కింద పెదవి కూడా కొంచెం కదిలింది గానీ, అది నవ్వో కోపమో ఇప్పటికీ చెప్పలేను.

వన్‌టౌన్‌లో నాలుగు షాపులు తిరిగాం. నలుపు ఉంది, బ్రౌన్ ఉంది, పెళ్లికూతుళ్ల పూలజడలున్నాయి, తెల్లది లేదు. చివరి షాపులో పెద్దాయన మాత్రం నా జడ చేత్తో పట్టుకుని చూసి, 'తెల్లది ఎవరూ అడగరమ్మా. మీ రాలిన జుట్టు దాచుకుని తెండి, కట్టిస్తాను' అన్నాడు. అచ్చం మా అమ్మ చేసిన పనే. ఆ రోజు నుంచి దువ్వుకున్నప్పుడల్లా దువ్వెనలో చిక్కుకున్నదాన్ని వేలికి చుట్టి గలేబులో వేస్తున్నాను. వెండి తీగలా ఉంటుంది, కొంచెం బిరుసు, చేతికి ఒక పట్టాన లొంగదు. సవరానికి సరిపడా పోగవ్వాలంటే ఇంకో రెండేళ్లు పడుతుందేమో. ఈలోపు చిన్న ముడి వేసుకుని, అందులోనే నాలుగు కనకాంబరాలు పెట్టుకుంటున్నా. తెలుపు మీద కనకాంబరం ఎంత బావుంటుందో నాకింతకాలం తెలియదు.

మొన్న ఆదివారం ఆయన పెరట్లో పేపర్లు పరుచుకుని ఒక్కరే కూర్చున్నారు. వెనక అందక తంటాలు పడుతుంటే నేనే వెళ్లి చేతులకి కవర్లు తొడుక్కుని పూశాను. మెడకి మరక పడకుండా కూడా చూశాను, నాకాయన చేసినట్టు కాకుండా. అయిపోయాక గిన్నెలో అడుగున కొంచెం రంగు మిగిలింది.

'వేస్టయిపోతుంది కదే' అన్నారు, నా తలవైపు చూడకుండా.

'మీసం మిగిలే ఉంది, కదలకండి' అన్నాను.